ఓవర్ డిఫైన్డ్ స్కెచ్: తప్పు చివర పెట్టిన డైమెన్షన్‌దేనా?

క్యాడ్‌లో స్కెచ్ దాదాపు పూర్తయిందనుకున్న దశలో ఇంకో డైమెన్షన్ పెట్టగానే సాఫ్ట్‌వేర్ అడ్డం తిరుగుతుంది. సాలిడ్‌వర్క్స్ అయితే కింద స్టేటస్ బార్‌లో `Over Defined` అని చూపిస్తుంది. ఫ్రీక్యాడ్ అయితే కొన్ని కన్‌స్ట్రెయింట్ల నంబర్లు ఇచ్చి, ఇవి ఒకదానితో ఒకటి పొసగడం లేదనో, వీటిలో కొన్ని అనవసరమనో అంటుంది. అప్పుడు చాలామంది చేసేది ఒక్కటే, ఇప్పుడే పెట్టినదాన్ని తీసేయడం. మెసేజ్ పోతుంది, పని సాగుతుంది. అయితే తీసేసిన ఆ కొలతే డ్రాయింగ్‌లో తప్పకుండా ఉండాల్సినది కావచ్చు. ఎవరూ అడగని, గీత గీస్తున్నప్పుడు దానంతటదే అంటుకున్న ఒక రిలేషన్ మాత్రం లోపల భద్రంగా మిగిలిపోతుంది. వారం తర్వాత ఎవరో ఒక కొలత మార్చినప్పుడు అది బయటపడుతుంది.

నిండిన బస్సులో చోటు లేదన్న మాట చివర ఎక్కినవాడికే వినిపిస్తుంది. బస్సు నిండింది ముందు ఎక్కినవాళ్ల వల్ల కూడా. స్కెచ్‌లో మెసేజ్ సంగతీ అంతే. అది ఫలానాది తప్పు అని చెప్పదు, ఇక్కడ ఇక పట్టదు అని మాత్రమే చెబుతుంది. ఎందుకలా అన్నది తెలియాలంటే సాఫ్ట్‌వేర్ లోపల లెక్కలు కట్టే సాల్వర్ స్కెచ్‌ని ఎలా చూస్తుందో కొంచెం తెలియాలి.

సాల్వర్ కంటికి కనిపించేది

మన కంటికి గీతలు, వృత్తాలు కనిపిస్తాయి. సాల్వర్‌కి కనిపించేవి తెలియని సంఖ్యలు, వాటిని కట్టిపడేసే సమీకరణాలు. ఒక గీతకు రెండు కొసలు, ఒక్కో కొసకు రెండు నిరూపకాలు, మొత్తం 4 సంఖ్యలు. వృత్తానికి కేంద్రం, వ్యాసార్థం కలిపి 3. ఆర్క్‌కి వాటితో పాటు మొదలయ్యే కోణం, ముగిసే కోణం కూడా కావాలి కాబట్టి 5. వీటినే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. మనం పెట్టే ప్రతి రిలేషన్, ప్రతి డైమెన్షన్ వీటిలో కొన్నిటిని హరిస్తుంది. గీత అడ్డంగా ఉండాలంటే ఒక సమీకరణం, రెండు కొసలు కలవాలంటే రెండు. ఒక బిందువు ఇంకో బిందువుకు అక్షం మీదుగా సౌష్ఠవంగా ఉండాలన్నా రెండే.

కొత్తగా పెట్టిన సమీకరణం అంతకుముందు లేని మాట చెబితే ఒక స్వేచ్ఛ తగ్గుతుంది. అది చెప్పే సంగతి ముందే ఉన్నవాటితో తేలిపోయి ఉంటే స్వేచ్ఛ ఏమీ తగ్గదు, అదే ఓవర్ కన్‌స్ట్రెయింట్. ఇందులో రెండు రకాలు. కొత్త సమీకరణం పాతవి చెప్పిన మాటే మళ్లీ చెబితే అది పునరుక్తి, అంటే రిడండెంట్. పాతవి ఒకటి చెబితే ఇది ఇంకోటి చెబితే అది సంఘర్షణ, కాన్‌ఫ్లిక్ట్. పాతిక మిల్లీమీటర్ల గీతకు మళ్లీ 25 అని రాస్తే మొదటిది, 26 అని రాస్తే రెండోది. పునరుక్తిని కొన్ని సాఫ్ట్‌వేర్లు జామెట్రీ రిలేషన్ల విషయంలో నోరెత్తకుండా భరిస్తాయి. ఫ్రీక్యాడ్ మాత్రం దాన్నీ ఎత్తిచూపుతుంది. విసుగనిపించినా ఫ్రీక్యాడ్ పద్ధతే మంచిది. ఈ రోజు పునరుక్తిగా ఉన్నది ఒక అంకె మారిన మరుక్షణం సంఘర్షణ అవుతుంది.

వీటితో కలిపి చూసేసే మూడో జబ్బు ఒకటుంది, దాన్ని ఇక్కడే విడదీయడం మేలు. త్రిభుజానికి మూడు భుజాలు 30, 40, 80 అని ఇస్తే సమీకరణాల లెక్క సరిపోతుంది, ఎక్కువేమీ లేదు. అయినా అలాంటి త్రిభుజం లేదు, ఎందుకంటే 30, 40 కలిపినా 80కి చాలదు. సాలిడ్‌వర్క్స్ దీన్ని `No Solution Found` కోవలో వేస్తుంది. ఇక్కడ దేన్నీ తీసేయక్కర్లేదు, అంకె సరిచేయాలి. అదే 30, 40, 50 త్రిభుజానికి లంబకోణం రిలేషన్ కూడా పెడితే అది పునరుక్తి. మూడు భుజాలతోనే లంబకోణం వచ్చేసింది. లంబకోణం బదులు 40, 50 భుజాల మధ్య 36.87 డిగ్రీలు అని టైప్ చేస్తే ఇంకో చిక్కు. అసలు కోణం 36.8699 డిగ్రీల దగ్గర ఉంటుంది, చివరి అంకెను సవరించి రాయడం వల్ల సమీకరణం ఖచ్చితంగా కుదరదు. ఆ తేడాను సాల్వర్ పట్టించుకుంటుందా లేదా అన్నది దాని టాలరెన్స్ మీద ఆధారపడుతుంది. క్యాలిక్యులేటర్‌లో చూసి టైప్ చేసిన కోణాలు స్కెచ్‌లో ఎక్కడున్నా ముందుగా అనుమానించాల్సినవి అవే.

ఒక స్లాట్ కథ

ఇప్పుడు ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ప్లేట్‌లో ఒక స్లాట్: పైనా కిందా రెండు గీతలు, అటూ ఇటూ రెండు ఆర్కులు. రెండు గీతలకు 8, రెండు ఆర్కులకు 10, మొత్తం 18 స్వేచ్ఛలు. నాలుగు మూలల్లో కొసలు కలిశాయి కాబట్టి 8 పోయి 10 మిగిలాయి. నాలుగు చోట్లా టాంజెంట్ పెడితే 6. రెండు ఆర్కుల వ్యాసార్థం సమానం అంటే 5. స్లాట్ ఎక్కడ ఉంది అనడానికి రెండు, ఎంత వాలింది, ఎంత పొడవు, ఎంత వెడల్పు: ఈ అయిదూ కంటికి కనిపించేవే కాబట్టి లెక్క సరిపోయినట్టే.

ఇక్కడే మొదటి గొయ్యి ఉంది. రెండు ఆర్కులు సమానమై, గీతలు రెండిటికీ టాంజెంట్ అయితే ఆ గీతలు సమాంతరంగా తప్ప ఇంకోలా ఉండలేవు. కాబట్టి పై గీతను అడ్డంగా పెట్టాక కింది గీతకు కూడా `Horizontal` పెడితే అది అప్పటికే ఉన్న మాట. గీత గీస్తున్నప్పుడు కర్సర్ పక్కన చిన్న గుర్తు మెరిసి దానంతటదే పడిపోయిన రిలేషన్ అయితే పెట్టిన సంగతి కూడా గుర్తుండదు.

దీనికన్నా సూక్ష్మమైనది రెండో గొయ్యి. పై గీత అడ్డంగా ఉంది, మిగిలినవి 4. స్లాట్ ప్లేట్ మధ్యలో రావాలని రెండు ఆర్కుల కేంద్రాలను నిలువు అక్షానికి సౌష్ఠవంగా పెట్టారు. సౌష్ఠవం రెండు మాటలు చెబుతుంది. కేంద్రాలు అక్షానికి చెరోవైపు సమాన దూరంలో ఉన్నాయి, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఒకే ఎత్తులో ఉన్నాయన్న మాట పై గీత అడ్డంగా ఉండటంతోనే వచ్చేసింది. అంటే రెండిటిలో ఒకటి కొత్తది, ఒకటి పాతది. ఫ్రీక్యాడ్ ఇలాంటిదాన్ని పాక్షిక పునరుక్తిగా విడిగా గుర్తిస్తుంది. ఇప్పుడు సౌష్ఠవాన్ని తీసేయడం తప్పు, ఎందుకంటే దానిలో సగం నిజంగా కావాల్సినదే. తీయాల్సినది పై గీతకున్న `Horizontal`. సౌష్ఠవమే ఆ పని కూడా చేసిపెడుతుంది. మెసేజ్ మాత్రం సౌష్ఠవం మీదే వేలు పెట్టి చూపవచ్చు, చివర వచ్చింది అదే కదా.

`Horizontal` తీశాక మిగిలినవి 3: ఎత్తు, కేంద్రాల మధ్య దూరం, వ్యాసార్థం. మూలబిందువు నుంచి ఎత్తు 30, కేంద్రాల దూరం 60, వ్యాసార్థం 10. స్వేచ్ఛలు సున్నా, స్కెచ్ పూర్తిగా బిగిసింది.

డ్రాయింగ్‌లో స్లాట్ వెడల్పు, మొత్తం పొడవు కూడా చూపించాలని వెడల్పు 20, పొడవు 80 కూడా పెట్టారనుకుందాం. డ్రివెన్‌గా కాకుండా, స్కెచ్‌ని నడిపించే కొలతలుగానే. కేంద్రాల దూరం C, వ్యాసార్థం R, వెడల్పు W, పొడవు L అనుకుంటే వీటి మధ్య బంధుత్వం ఇది:

```
W = 2R
L = C + 2R
```

తెలియనివి రెండు, C, R. చెప్పిన మాటలు నాలుగు. రెండు మాటలు ఎక్కువ. అంకెలు కుదిరాయి కాబట్టి ఇప్పటికి ఇది పునరుక్తే. ఆ తర్వాత స్లాట్ వెడల్పు 22 కావాలన్నారు. వెడల్పును 22 చేయగానే స్కెచ్ మొత్తం గోల చేస్తుంది. వెడల్పు ఒక్కటే మారింది, అది మాత్రం తప్పు కాదు, కావాలని మార్చిందే.

వలయాన్ని పట్టుకోవడం

ఇలాంటప్పుడు ఒక్క దోషి కోసం వెతకడం వృథా. ఒకదాని నుంచి ఒకటి రాబట్టగలిగే మాటలన్నీ కలిసి ఒక వలయం కడతాయి. ఆ వలయంలో ఏ ఒక్కటి తీసినా వలయం తెగుతుంది. గణితం దృష్టిలో అందరి బాధ్యతా సమానమే. కాబట్టి మొదటి పని వలయంలో ఎవరెవరున్నారో తేల్చడం, ఎవరు వెళ్లిపోవాలో తర్వాత మన ఉద్దేశాన్ని బట్టి ఎంచుకోవడం.

తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అనుమానమున్న ఒక రిలేషన్‌ని లేదా డైమెన్షన్‌ని తాత్కాలికంగా పక్కన పెట్టి రెండు విషయాలు చూడాలి. మెసేజ్ పోయిందా? స్కెచ్‌లో ఏదైనా కదలడం మొదలైందా? ఫ్రీక్యాడ్‌లో కన్‌స్ట్రెయింట్‌ని డీయాక్టివేట్ చేయవచ్చు. సాలిడ్‌వర్క్స్‌లో `Display/Delete Relations` ప్యానెల్‌లో రిలేషన్‌ని ఎంచుకుని `Suppressed` టిక్ పెట్టవచ్చు. డైమెన్షన్ అయితే దాన్ని డ్రివెన్‌గా, ఫ్రీక్యాడ్ మాటల్లో రిఫరెన్స్‌గా మార్చడం ఇంకా మంచిది, ఎందుకో కింద చూద్దాం. కదలికను సాలిడ్‌వర్క్స్‌లో రంగు చెబుతుంది, బిగిసిన గీత నల్లగా, వదులుగా ఉన్నది నీలంగా కనిపిస్తుంది. ఫ్రీక్యాడ్‌లో స్కెచ్ సాల్వ్ అయ్యాక మిగిలిన స్వేచ్ఛల సంఖ్యే చూపిస్తుంది.

మెసేజ్ పోయి ఏదీ వదులు కాకపోతే, పక్కన పెట్టినది వలయంలో సభ్యురాలే. మెసేజ్ అలాగే ఉండి, స్కెచ్‌లో ఏదో వదులైతే అది అమాయకురాలు, వెంటనే తిరిగి పెట్టేయాలి. మన స్లాట్‌లో ఎత్తు 30 అలాంటిది. దాన్ని తీస్తే గోల ఆగదు సరికదా, స్లాట్ పైకీ కిందికీ జారడం మొదలవుతుంది. మూడో ఫలితమే జనాన్ని తప్పుదోవ పట్టించేది: మెసేజ్ పోలేదు, కానీ ఏదీ వదులూ కాలేదు. చాలామంది దీన్ని చూసి ‘తీసినా లాభం లేదు, ఇది కాదు’ అనుకుని అన్‌డూ కొట్టి ఇంకోదాని మీద పడతారు. నిజానికి అర్థం వేరు. తీసినది వలయంలోదే, కాకపోతే ఇంకో వలయం కూడా ఉంది.

స్లాట్‌లో జరిగేది సరిగ్గా ఇదే. వ్యాసార్థం 10ని పక్కన పెడితే మిగిలినవి వెడల్పు 22, కేంద్రాల దూరం 60, పొడవు 80. వెడల్పు 22 అంటే వ్యాసార్థం 11, దాన్నిబట్టి పొడవు 60కి 22 కలిపి 82 రావాలి. 80 అని రాసి ఉంది. గోల ఆగదు. అయినా వ్యాసార్థం తీయడం సరైన అడుగే, దాన్ని తిరిగి పెట్టకూడదు. రెండో వలయం ఇప్పుడు ఒంటరిగా దొరికింది. అందులో ముగ్గురే సభ్యులు, వెడల్పు, కేంద్రాల దూరం, పొడవు.

దీన్ని తిరగేసి చూడండి. మొదట్లోనే వెడల్పును తీసేస్తే మిగిలిన 10, 60, 80 కుదిరిపోతాయి. సంఘర్షణ పోతుంది, చూడటానికి సమస్య తీరినట్టే ఉంటుంది. కానీ అడిగిన 22 రాలేదు, వ్యాసార్థం, కేంద్రాల దూరం, పొడవుల మధ్య పునరుక్తి అలాగే ఉంది. ఈసారి ఎవరైనా పొడవు మారిస్తే మళ్లీ పేలుతుంది.

డ్రివెన్ చేసి చదవడం

డైమెన్షన్‌ని డిలీట్ చేయడం కన్నా డ్రివెన్‌గా మార్చడం ఎందుకు మంచిదంటే, డ్రివెన్ కొలత స్కెచ్‌ని నడపదు కానీ అసలు ఎంత వచ్చిందో చెబుతుంది. మనం కోరింది ఎంత, వచ్చింది ఎంత అన్న తేడాయే చాలాసార్లు వలయం ఎటు వెళ్తోందో పట్టిస్తుంది. వ్యాసార్థం పక్కన పెట్టాక పొడవును డ్రివెన్ చేస్తే 82 అని చూపిస్తుంది. కావాల్సింది 80, తేడా 2. వెడల్పు పెరిగింది కూడా సరిగ్గా 2. అంటే వెడల్పులో వచ్చిన మార్పు చెక్కుచెదరకుండా పొడవుకు చేరింది, మధ్యలో ఉన్నది రెండు కొసల ఆర్కులే. తేడా ఆ మార్పులో సగంగానో రెట్టింపుగానో వస్తే దారిలో ఎక్కడో సౌష్ఠవమో మిడ్‌పాయింటో ఉందన్న అనుమానం బలపడుతుంది. తేడా 0.01 లాంటి చిల్లర అంకె అయితే రౌండింగ్: మూడు భాగాలు 33.33 చొప్పున రాసి మొత్తం 100 అంటే 0.01 ఎక్కడికీ పోదు.

సాలిడ్‌వర్క్స్‌లో ఎక్కువైన డైమెన్షన్ పెట్టినప్పుడు దాన్ని డ్రివెన్ చేయమంటారా అని ఒక పెట్టె అడుగుతుంది. అవునంటే పని తేలిగ్గా అయిపోతుంది కాబట్టి అలవాటుగా ఒప్పేసుకుంటారు. ఒప్పుకునే ముందు ఆ కొలత ఎంత చూపిస్తోందో చూడాలి. కోరిన అంకే కనిపిస్తే అది పునరుక్తి, డ్రివెన్‌గా ఉండటం న్యాయమే. ఇంకో అంకె కనిపిస్తే స్కెచ్ మనం అనుకున్నది కాదన్నమాట, డ్రివెన్ చేయడం దాన్ని దాచిపెట్టడమే.

అదే సాఫ్ట్‌వేర్‌లోని `SketchXpert` డయాగ్నోజ్ చేసి ఏవేవి తీస్తే స్కెచ్ నిలుస్తుందో ఒకదాని తర్వాత ఒకటి పరిష్కారాలు చూపిస్తుంది. వలయంలో ఎవరెవరున్నారో త్వరగా తెలుసుకోవడానికి అది చాలా పనికొస్తుంది. వచ్చిన చిక్కల్లా మొదటి పరిష్కారాన్నే ఒప్పుకోవడంలో ఉంది. అన్ని పరిష్కారాలూ గణితం ప్రకారం సరైనవే, కానీ రేపు కొలత మారినప్పుడు ఒక్కోటీ ఒక్కోలా ప్రవర్తిస్తుంది. స్లాట్‌లో వ్యాసార్థం పోయింది, ఇక పొడవు పోవాలా, కేంద్రాల దూరం పోవాలా? స్లాట్‌లో ఒక బోల్ట్ అటూ ఇటూ జరగాలి, ఆ జరుగుడు 60 ఉండాలి అంటే కేంద్రాల దూరం ఉంచి పొడవును డ్రివెన్ చేయాలి, అది 82 అవుతుంది. అదే ప్లేట్ అంచు దగ్గర చోటు తక్కువ, 80 దాటితే గోడ పలచబడుతుంది అంటే పొడవు ఉంచి కేంద్రాల దూరాన్ని వదలాలి, అది 58 అవుతుంది. ఈ నిర్ణయం ఏ టూలూ తీసుకోలేదు, ఎందుకంటే బోల్ట్ సంగతి గానీ గోడ సంగతి గానీ స్కెచ్‌లో రాసి లేదు.

లెక్క సరిపోయినా నమ్మలేనప్పుడు

స్వేచ్ఛలు, సమీకరణాలు లెక్కగట్టి సున్నా వచ్చింది కాబట్టి స్కెచ్ బాగుందనుకోవడం ఇంకో భ్రమ. ఒక మూల ఒక మాట ఎక్కువై, ఇంకో మూల ఒక మాట తక్కువైనా మొత్తం సున్నాయే వస్తుంది. నాలుగు గీతల దీర్ఘచతురస్రంలో కొసలు కలిశాక 8 మిగులుతాయి. రెండు అడ్డం, రెండు నిలువు పెడితే 4. వెడల్పు, ఎత్తు, అడ్డంగా ఒక స్థానం పెట్టి, నాలుగోదిగా ఎదురెదురు భుజాలు సమానం అన్న రిలేషన్ పెడితే కాగితం మీద సున్నా. కానీ ఎదురెదురు భుజాలు అప్పటికే సమానం, దీర్ఘచతురస్రమేమో పైకీ కిందికీ జారుతూనే ఉంది. ఒకే స్కెచ్‌లో ఎక్కువా తక్కువా రెండూ ఉన్నప్పుడు చేతిలెక్కను మొత్తానికి కాకుండా ఆకారం వారీగా వేయాలి. అన్నిటికన్నా నమ్మదగ్గది లాగి చూడటమే.

పెద్ద స్కెచ్‌లో వందకు పైగా రిలేషన్లుంటే ఒక్కొక్కటీ పరీక్షించడం సాధ్యం కాదు. అక్కడ సగం సగం పద్ధతి పనిచేస్తుంది. మెసేజ్ చూపిన ఆకారాలకు దూరంగా ఉన్న భాగంలోని డైమెన్షన్లన్నిటినీ డ్రివెన్ చేయాలి. గోల ఆగలేదంటే మిగిలినవాటిలో కనీసం ఒక పూర్తి వలయం ఉంది, ముందు అక్కడ వెతకాలి. ఆగిందంటే కనీసం ఒక సభ్యుడు అక్కడే ఉన్నాడు, ఆ సగాన్ని మళ్లీ రెండు చేయాలి. స్కెచ్‌కి ఒక కాపీ తీసుకుని దాని మీదే ఈ తవ్వకం చేయడం మంచిది. అన్నీ తిరిగి డ్రైవింగ్‌గా మార్చేటప్పుడు ఒకటో రెండో మరచిపోవడం మామూలే.

బయటి నుంచి వచ్చే సంఘర్షణ

స్కెచ్‌లో ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే అది ఓవర్ డిఫైన్డ్ అయిందంటే వెతకాల్సిన చోటు స్కెచ్ లోపల కాదు. ఒక గీతను మోడల్‌లోని రెండు అంచులతో ఒకే వరుసలో పెట్టారనుకోండి. పెట్టిన రోజు ఆ రెండు అంచులూ నిజంగానే ఒకే వరుసలో ఉన్నాయి, కాబట్టి రెండో రిలేషన్ పునరుక్తిగా మౌనంగా ఒదిగిపోయింది. తర్వాత ఫీచర్ ట్రీలో పైనెక్కడో ఒక ఎక్స్‌ట్రూడ్ 2 మిల్లీమీటర్లు పెరిగి ఒక అంచు జరిగింది. ఇప్పుడు ఒకే గీత రెండు వేర్వేరు వరుసల్లో ఉండాలి. కొలత మార్చినవారు ఈ స్కెచ్‌ని తెరిచి కూడా చూసి ఉండరు.

ఇలాంటప్పుడు `Display/Delete Relations`లో జాబితాను బయటి రిలేషన్లకే పరిమితం చేసి చూడటం దగ్గరి దారి. ఒకే గీత లేదా బిందువు రెండు బయటి ఆధారాలకు అతుక్కుని ఉంటే దాదాపు ఎప్పుడూ సమస్య అక్కడే. `Dangling` అని చూపించేవి వేరే సంగతి. వాటి ఆధారమే మాయమైంది, పొసగకపోవడం కాదు. వాటిని ముందు సరైన అంచుకు తిరిగి కట్టాక అప్పటికీ మిగిలే సంఘర్షణ ఏదో చూడాలి. ఎప్పుడో తాత్కాలికంగా పెట్టి మరచిపోయిన `Fix` రిలేషన్ కూడా ఈ కోవలోదే. అది బిందువును కాగితానికి మేకు కొట్టినట్టు కట్టేస్తుంది, కొలత ఏదీ చూపించదు కాబట్టి కంటికి ఆనదు. మూలబిందువు నుంచి స్థానం చెప్పే డైమెన్షన్ ఎంత మార్చినా ఒప్పుకోకుండా మొండికేస్తుంటే ముందు ఆ గుర్తు కోసమే చూడాలి.